బయోలో లింకు నొక్కితే ముందేం కనిపించాలి?

ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ కింద రాసే మాటల్లో లింకు పెట్టినా అది నొక్కితే తెరుచుకోదు. అందుకే రీల్ చివర అందరూ "లింకు బయోలో ఉంది" అంటుంటారు. చాలాకాలం బయోలో కూడా ఒక్క లింకుకే చోటుండేది. ఆ ఇరుకులోంచే 2016లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో లింక్‌ట్రీ పుట్టింది. ఆ ఒక్క లింకు నొక్కితే ఒక చిన్న పేజీ వస్తుంది, మిగతా లింకులన్నీ అందులో బటన్లుగా ఉంటాయి. తర్వాత ఇలాంటివి చాలానే వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి ఇన్‌స్టాగ్రామ్ కూడా బయోలో ఐదు లింకుల దాకా పెట్టుకోనిస్తోంది. కానీ ప్రొఫైల్ మీద కనిపించేది మొదటి లింకు ఒక్కటే. మిగతావి ఇన్ని ఉన్నాయని అంకె చూపించి ఊరుకుంటుంది. వాటిని చూడాలంటే మళ్లీ నొక్కాలి. ఒకటి రెండు లింకులతో సరిపోయేవాళ్లకు అది చాలు. నాలుగైదు రకాల పని అమ్ముకునేవాళ్లకు మాత్రం ఈ పేజీ ఇప్పటికీ అవసరమే.

పేజీ తయారు చేయడానికి పది నిమిషాలు చాలు. అందులో ఏది పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి అన్నదే అసలు పని. చాలా పేజీల్లో లింకులు చేర్చిన తేదీల వరుసలోనే పడి ఉంటాయి. మొదట యూట్యూబ్ ఛానల్, తర్వాత ఎప్పుడో తెరిచిన ఫేస్‌బుక్ పేజీ, పోయిన పండక్కి పెట్టిన డిస్కౌంటు, వాటన్నిటి కింద ఇంటి ఖర్చులు గడిపే అసలు కోర్సు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మగ్గం వర్క్ చేసే ఒకామె ఉంది. తెనాలి కావచ్చు, సిద్దిపేట కావచ్చు. రీల్స్‌లో ఆరీ సూదితో చైన్ కుట్టు ఎలా వేయాలో చూపిస్తుంది, పూర్తయిన పెళ్లి బ్లౌజులూ చూపిస్తుంది. ఆమె పేజీలో ఈ వరుసలో తొమ్మిది బటన్లున్నాయి: యూట్యూబ్ ఛానల్, ఫేస్‌బుక్ పేజీ, తాను వాడే సూదులూ పూసలూ దొరికే షాపింగ్ సైటు లింకులు (వీటి మీద కమిషన్ వస్తుంది), ₹1,999 ఆన్‌లైన్ కోర్సు, టెలిగ్రామ్ గ్రూపు, బ్లౌజ్ ఆర్డర్లు, ఉచిత డిజైన్ల పుస్తకం, ఫ్రేము, సూది, జరీ, కుందన్లతో కలిపిన మెటీరియల్ కిట్, చివరగా బ్రాండ్లు సంప్రదించడానికి ఈమెయిల్. నెలకు వెయ్యి మంది ఈ పేజీ తెరుస్తున్నారనుకుందాం.

ఎక్కువ క్లిక్కులు వచ్చేది యూట్యూబ్‌కే, 140. తర్వాత కమిషన్ లింకులకు 90. కోర్సుకు 60, డిజైన్ల పుస్తకానికి 50, కిట్‌కు 40, బ్లౌజ్ ఆర్డర్లకు 30. డాష్‌బోర్డు ఈ అంకెల్ని పైనుంచి కిందికి పేర్చి చూపిస్తుంది. దాన్ని చూసి యూట్యూబ్ బాగా నడుస్తోంది కాబట్టి పైనే ఉంచుదాం అనుకోవడం సహజం. కానీ అది పైన ఉంది కాబట్టే అన్ని క్లిక్కులు వచ్చాయి. ఏ బటన్‌ను పైకి తెచ్చినా దాని క్లిక్కులు పెరుగుతాయి. చూడాల్సింది ఒక క్లిక్కు ఎంత తెస్తోందన్నది.

ఒక కాగితం మీద లెక్క వేద్దాం. కోర్సు నొక్కిన 60 మందిలో ముగ్గురు కొన్నారు. సుమారు ₹6,000 వచ్చింది, అంటే క్లిక్కుకు ₹100. బ్లౌజ్ ఆర్డర్ నొక్కి వాట్సాప్‌లో మాట్లాడిన 30 మందిలో ఐదుగురు ఇచ్చారు. సామాను ఖర్చు, సాయం చేసే పనివాళ్ల కూలి పోను ఒక్కో బ్లౌజుకు ₹1,500 మిగిలితే మొత్తం ₹7,500, క్లిక్కుకు ₹250. కిట్లు నాలుగు అమ్ముడుపోయి, కొరియర్ ఖర్చు పోను ఒక్కోదానికి ₹250 మిగిలింది. క్లిక్కుకు ₹25. కమిషన్ లింకుల మీద నెలంతా కలిపి ₹300, అంటే క్లిక్కుకు మూడు రూపాయల పైచిలుకు. ఉచిత పుస్తకం వెంటనే ఏమీ తేదు. అయితే పుస్తకం కోసం వాట్సాప్ నంబరు ఇచ్చిన 30 మందిలో, తర్వాతి రెండు మూడు నెలల్లో ఇద్దరు కోర్సు కొన్నారనుకుంటే ₹4,000. 50 క్లిక్కుల మీద చూస్తే ఒక్కోదానికి ₹80.

ఈ లెక్క ప్రకారం బ్లౌజ్ ఆర్డర్లే అన్నిటికన్నా పైన ఉండాలి. కానీ ఆమె నెలకు ఎనిమిది బ్లౌజులకు మించి చేయలేదు. ఇప్పటికే ఐదు వస్తున్నాయి. ఆ బటన్ పైకి తెస్తే 80 మంది నొక్కి, అదే పాళ్లలో పదమూడు ఆర్డర్లు వస్తాయి. ఐదుగురికి కాదని చెప్పాలి, లేదా ఒప్పుకుని ముహూర్తం దాటాక ఇవ్వాలి. పెళ్లికూతురి బ్లౌజు ఆలస్యమైతే ఆ మాట ఊరంతా పాకుతుంది. పైగా తీసుకోలేని ఆర్డర్ కోసం ఒక్కొక్కరితో అరగంట వాట్సాప్‌లో మాట్లాడిన సమయం కూడా పోతుంది. కోర్సుకు అలాంటి హద్దు లేదు. ముగ్గురు కొన్నా ముప్ఫై మంది కొన్నా రికార్డు చేసిన పాఠాలు అవే. అందుకే క్లిక్కు విలువలో రెండో స్థానంలో ఉన్నా పేజీలో మొదటి చోటు కోర్సుదే. చేతి పని అమ్మేవాళ్లు రూపాయల లెక్క పక్కనే "ఇంకెన్ని చేయగలను" అన్న లెక్క కూడా రాసుకోకపోతే వరుస తప్పుతుంది.

బ్లౌజ్ ఆర్డర్ బటన్ రెండో చోటుకు వెళ్లినా పెద్దగా నష్టం లేదు. దానికి కారణం వేరే ఉంది. కూతురి పెళ్లి పెట్టుకుని, రీల్‌లో చూసిన బ్లౌజే కావాలనుకునే తల్లి రెండో బటన్ దాకా కాదు, ఐదో బటన్ దాకా అయినా వెతుక్కుంటుంది. కొలాబ్ అడగాలనుకునే బ్రాండ్ మేనేజరూ అంతే. పేజీ అట్టడుగున ఈమెయిల్ ఉన్నా పట్టుకుంటాడు, అది అతని ఉద్యోగం. ఇదివరకే కోర్సు కొన్న విద్యార్థి లాగిన్ లింకు కోసం వెతుకుతుంది. అవసరం గట్టిగా ఉన్నవాళ్ల లింకులు కింద ఉన్నా పనవుతుంది. ఊరికే చూసి పోదామని వచ్చి, నేర్చుకుంటే బాగుండునేమో అని ఊగిసలాడేవాళ్లు మాత్రం వెతకరు. కంటికి కనిపించిన ఒకటి రెండు బటన్లతోనే వాళ్ల నిర్ణయం అయిపోతుంది. పై చోటు ఎవరి అడుగును మారుస్తుందో వాళ్లకు దాన్ని ఇవ్వాలి. నా ఉద్దేశంలో ఈ పేజీ డిజైన్‌లో అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునే సంగతి ఇదే.

ఉచిత పుస్తకం గురించి కాస్త ఆగి ఆలోచించాలి. క్లిక్కుకు ₹80 అంటే కోర్సుకు దగ్గర్లోనే ఉంది, చేతి పని హద్దు కూడా లేదు. అయినా దాన్ని మొదట పెట్టమని నేననను. డబ్బు కట్టడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి మొదటే ఉచితం అన్న మాట కనిపిస్తే, ముందు ఇది చూసి తర్వాత చేరదాం అనుకుంటుంది. ఆ తర్వాత అనేది చాలాసార్లు రాదు. అదే మూడో చోట ఉంటే కోర్సు ధర చూసి వెనకాడినవాళ్లకు, బ్లౌజు అక్కర్లేనివాళ్లకు చేతికందే మొదటి వస్తువు అవుతుంది. అయితే ఆరు నెలల కిందటే పేజీ మొదలుపెట్టి, ఇంకా ఎవరి నమ్మకమూ సంపాదించుకోని వ్యక్తికి ఈ వరుస పనికిరాదు. అలాంటివాళ్లు ఉచితాన్నే పైన పెట్టి నంబర్లు పోగుచేసుకోవడం మంచిది.

అలా చూస్తే తొమ్మిది బటన్లలో పెద్దగా మిగిలేవి నాలుగే. కోర్సు, బ్లౌజ్ ఆర్డర్లు, ఉచిత డిజైన్లు, మెటీరియల్ కిట్. కమిషన్ లింకులు పేజీలోంచి తీసేసి కిట్ పేజీలో ఒక మూలకు చేరతాయి, కమిషన్ వస్తుందన్న మాట పక్కనే రాసి. యూట్యూబ్ చిన్న గుర్తుగా అడుగుకు వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి, కొనాలా అని ఇక్కడికి వచ్చిన మనిషిని మళ్లీ వీడియోల్లోకి పంపితే ఆమె ఇక తిరిగి రాదు. ఫేస్‌బుక్, టెలిగ్రామ్ పూర్తిగా తీసేయొచ్చు. విద్యార్థుల లాగిన్, బ్రాండ్ల ఈమెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటే చాలు, కానీ వాటి చోటు ఎప్పుడూ మారకూడదు.

ఇప్పుడు ఆ పేజీని ఫోన్‌లో చూడాలి, అదీ కొత్త ఖరీదైన ఫోన్‌లో కాకుండా ఇంట్లో ఉన్న చిన్న తెర ఫోన్‌లో. ఫొటో, పేరు, నాలుగు లైన్ల పరిచయం, పూల బొమ్మ కలిపి సగం తెర తినేస్తే, వేలితో జరపకుండా కనిపించేవి రెండు బటన్లే. పరిచయాన్ని ఒక్క లైనుకు కుదిస్తే నాలుగూ కనిపిస్తాయి. తెలుగులో రాస్తే పొడవైన పేర్లు రెండు లైన్లకు విరుగుతాయి, కొన్ని డిజైన్లలో చివర మూడు చుక్కలు పడి అసలు మాట పోతుంది. అందుకే ముఖ్యమైన మాట ముందు రావాలి. "మా ఆన్‌లైన్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ వివరాల కోసం" అని రాస్తే చదివేలోపే జరిపేస్తారు. "ఇంటి నుంచే మగ్గం నేర్చుకోండి, ₹1,999" అంటే మొదటి మూడు మాటల్లోనే అర్థమవుతుంది. ధర బటన్ మీదే రాస్తే క్లిక్కులు తగ్గుతాయి, అది నిజమే. కానీ తగ్గేది ఎలాగూ కొననివాళ్లే. బ్లౌజుల బటన్ మీద ధర మొదలయ్యే అంకె రాస్తే, "ఎంత?" అని అడిగి మాయమయ్యే మెసేజ్‌లు చాలావరకు ఆగిపోతాయి. రంగు ఒక్క బటన్‌కే ఇవ్వాలి, మిగతావి తెల్లగా ఉండనివ్వాలి. నాలుగూ మెరిస్తే ఏదీ కనిపించదు.

బటన్ మీది మాటకూ రీల్‌లో అన్న మాటకూ పొత్తు కుదరాలి. రీల్‌లో "ఫ్రీ డిజైన్లు బయోలో ఉన్నాయి" అని చెప్పి, బటన్ మీద "రిసోర్సెస్" అని రాస్తే వచ్చినవాళ్లు ఒక్క క్షణం చూసి వెనక్కి వెళ్లిపోతారు. అలాగే రీల్‌లో "మొదటి లింకు నొక్కండి" అని ఎప్పుడూ అనకూడదు. రీల్ నెలల తర్వాత కూడా ఎవరికో ఒకరికి చేరుతుంది. అప్పటికి మొదటి చోట ఇంకేదో ఉంటుంది. "ఫ్రీ డిజైన్లు అన్న బటన్ నొక్కండి" అని పేరు చెబితే, చోటు మారినా ఇబ్బంది లేదు.

చోటు మారుతుంది కూడా, మారాలి. మగ్గం పని చేసేవాళ్లకు క్యాలెండరే చెబుతుంది. శ్రావణంలో పెళ్లిళ్లు, పౌర్ణమికి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పట్టుచీరలు, మగ్గం బ్లౌజులు బయటికి వచ్చే నెల అది. అందుకని శ్రావణంలో బ్లౌజ్ ఆర్డర్ల బటన్ పైకి తెద్దాం అనిపిస్తుంది. కానీ అప్పటికే ఆలస్యమైపోతుంది. బరువైన పనైతే ఒక్క బ్లౌజుకే రోజులు పడుతుంది, ముందున్న ఆర్డర్ల వరుస వేరే. శ్రావణంలో వేసుకునే బ్లౌజు గురించి జనం నిర్ణయించుకునేది ఆషాఢంలో. కాబట్టి ముహూర్తాలు లేని ఆ ఆషాఢంలోనే బ్లౌజ్ ఆర్డర్లు మొదటి చోటికి రావాలి. "శ్రావణానికి బ్లౌజులు, ఇంకా 6 మాత్రమే" అని మిగిలిన సంఖ్య నిజంగా లెక్కపెట్టి రాయాలి. ఎనిమిది నిండగానే ఆ బటన్ దిగిపోయి కోర్సు మళ్లీ పైకి రావాలి. నిండిపోయిన ఆర్డర్ల బటన్‌ను పూర్తిగా తీసేయకుండా "తర్వాతి నెలకు పేరు ఇవ్వండి" అని మారిస్తే, వచ్చినవాళ్లు ఉత్తచేతులతో పోరు.

పేజీ ఎంత బాగున్నా తర్వాతి అడుగులో పడిపోయే చోటు ఒకటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే అది ఫోన్‌లోని మామూలు బ్రౌజర్‌లో కాకుండా ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడ ఆమె గూగుల్‌లోకి గానీ షాపింగ్ సైట్లోకి గానీ లాగిన్ అయి ఉండదు. డబ్బు కట్టే పేజీలో యూపీఐ యాప్ ఎంచుకుంటే కొన్ని ఫోన్లలో ఆ యాప్ తెరుచుకోదు, తెర తెల్లగా నిలిచిపోతుంది. డాష్‌బోర్డులో ఇదేమీ కనిపించదు. క్లిక్కులు వస్తున్నాయి, అమ్మకం లేదు, అంతే. తెలుసుకోవడానికి దారి ఒకటే: ఇంట్లోవాళ్ల ఫోన్లు రెండు మూడు తీసుకుని, ఇన్‌స్టాగ్రామ్ తెరిచి, బయో నుంచి మొదలుపెట్టి డబ్బు కట్టే దాకా వెళ్లి చూడటం. ఒక రూపాయి ధరతో పరీక్ష వస్తువు ఒకటి పెట్టుకుంటే సులువు. ఎక్కడ ఆగిందో చూసి, డబ్బు కట్టే పేజీ మీద "పైనున్న మూడు చుక్కలు నొక్కి బ్రౌజర్‌లో తెరవండి" అని ఒక లైను రాయొచ్చు. యూపీఐ క్యూఆర్ కోడ్ చూపించే మార్గం కూడా ఉంచొచ్చు.

బ్లౌజ్ ఆర్డర్‌కు ఈ చిక్కు లేదు, అది నేరుగా వాట్సాప్‌లోకి వెళ్తుంది. ఆ లింకు ఇలా ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Blouse%20order%20-%20bio
```

నంబరు ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు, దేశం కోడ్ 91 మాత్రం ఉండాలి. ఖాళీ ఉన్నచోట %20 అని రాయాలి. నొక్కిన వెంటనే "Blouse order - bio" అన్న మెసేజ్ టైపు చేసి సిద్ధంగా ఉంటుంది, పంపడమే తరువాయి. ఏం రాయాలో తోచక ఆగిపోయేవాళ్లకు ఇది సాయం. మెసేజ్ చూడగానే బయో పేజీ నుంచి వచ్చిందని ఆమెకూ తెలుస్తుంది. నెలాఖరున వాట్సాప్‌లో ఆ మాట వెతికి లెక్కపెడితే ఎంతమంది అడిగారో, ఎంతమంది ఇచ్చారో తేలిపోతుంది. కోర్సుకు సొంత వెబ్‌సైటు ఉంటే, దాని లింకు చివర ఇలాంటి తోక తగిలించాలి:

```
?utm_source=instagram&utm_medium=bio&utm_campaign=course
```

గూగుల్ అనలిటిక్స్ లాంటివి ఈ తోకను చదివి, ఆ మనిషి ఏ దారిన వచ్చిందో విడిగా చూపిస్తాయి. యూట్యూబ్ వీడియో కింద పెట్టే లింకుకు తోకలో youtube అని మారిస్తే రెండు దార్లూ కలిసిపోవు. మామూలుగా బయో పేజీ డాష్‌బోర్డుకు తెలిసేది క్లిక్కుల దాకానే. అమ్మకం డబ్బు కట్టే చోట జరుగుతుంది. ఈ రెండు పుస్తకాల్ని కలిపేది ఆ తోకే.

వరుస మార్చాక వచ్చే అంకెల్ని తొందరపడి చదవకూడదు. మన ఉదాహరణలో కోర్సును పైకి తెచ్చిన నెలలో 60 క్లిక్కులు 150 అయ్యాయనుకుందాం, కొన్నవాళ్లు ముగ్గురి నుంచి ఐదుగురయ్యారు. ఇంతకుముందు వందకు ఐదుగురు కొనేవాళ్లు, ఇప్పుడు వందకు మూడు దాటి కొంచెమే. పేజీ పాడైందనిపిస్తుంది. నిజానికి కింద ఉన్నప్పుడు వెతుక్కుంటూ వచ్చినవాళ్లే దాన్ని నొక్కేవాళ్లు, పైకి వచ్చాక ఊరికే చూద్దామనుకున్నవాళ్లూ నొక్కుతున్నారు. అందుకే పాళ్లు తగ్గుతాయి. చేతికొచ్చిన మొత్తం ₹6,000 నుంచి ₹10,000 అయింది, చూడాల్సింది దాన్ని. అలాగని మూడు ఐదవడం ఘనవిజయమని కూడా అనుకోకూడదు. ఇంత చిన్న అంకెల్లో ఇద్దరి తేడా ఊరికే కూడా వస్తుంది. ఒక రీల్ బాగా ఆడినా వస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చి, కనీసం నెల ఆగాలి. పండగ నెలను మామూలు నెలతో పోల్చకూడదు.

రెండు మూడు నెలలయ్యాక కూడా కోర్సుకు 150 క్లిక్కులు వస్తూ కొనేవాళ్లు ముగ్గురు నలుగురి దగ్గరే ఆగిపోతే, బటన్ల వరుస మార్చి లాభం లేదు. అది చేయగలిగింది చేసేసింది. అప్పుడు వెతకాల్సింది బటన్ అవతలున్న పేజీలో. ఫోన్‌లో అది తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోంది, బటన్ మీద ₹1,999 అని చదివి వెళ్లినవాళ్లకు అక్కడా అదే ధర కనిపిస్తోందా, పాఠాలు తెలుగులోనే ఉంటాయని రాసి ఉందా, ఫ్రేము విడిగా కొనుక్కోవాలా అన్న ప్రశ్నకు జవాబు ఉందా. కోర్సు అడిగి కొనకుండా ఆగినవాళ్లు వాట్సాప్‌లో ఏం అడిగారో పాత మెసేజ్‌లు తిరగేస్తే, ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటి దొరుకుతుంది. దాని జవాబు ఆ పేజీలో మొదటి తెర మీదే ఉండాలి.